డిస్కస్ పక్కన అబౌట్ ఎలా చేరింది?

హైదరాబాద్ ఆఫీసు నుంచి విదేశీ క్లయింటుకి వెళ్లే మెయిల్ ఒకటి ఇలా ఉందనుకుందాం. "వి డిస్కస్డ్ అబౌట్ ది ఇన్‌వాయిస్ ఇష్యూ ఇన్ ఎస్టర్‌డేస్ కాల్. వి ఆర్ వెయిటింగ్ ఫర్ యువర్ రిప్లై ఫర్ అవర్ మెయిల్ ఆఫ్ 4 జూన్, విచ్ వాజ్ మార్క్‌డ్ టు యూ ఆల్సో. వి ఆర్ ఫేసింగ్ దిస్ ఇష్యూ సిన్స్ త్రీ వీక్స్. ప్లీజ్ క్లోజ్ ఇట్ టిల్ ఫ్రైడే."

స్పెల్లింగ్ తప్పు ఒక్కటీ లేదు, మర్యాదకీ లోటు లేదు. చిక్కంతా చిన్న చిన్న మాటల దగ్గరే వచ్చింది. బళ్లో వాటిని ప్రిపొజిషన్లు అన్నారు, ఏ మాట పక్కన ఏది రావాలో జాబితాలిచ్చి బట్టీ పట్టించారు. మన దేశంలో తరాల తరబడి విద్యార్థుల చేతుల్లో నలిగిన రెన్ అండ్ మార్టిన్ గ్రామరు పుస్తకంలోనూ అలాంటి జాబితాలున్నాయి. అలా నేర్చుకున్నవాడికి ప్రతి క్రియ పక్కనా ఏదో ఒకటి ఉండి తీరాలనిపిస్తుంది. డిస్కస్ పక్కన చర్చించే విషయం నేరుగా వచ్చేస్తుంది, మధ్యలో ఏదీ ఉండదు. వి డిస్కస్డ్ ది ఇష్యూ, అంతే.

మరి అబౌట్ ఎక్కడి నుంచి వచ్చింది? సగం జవాబు మన తెలుగు వాచకంలోనే ఉంది. చిన్నప్పుడు అప్పజెప్పిన విభక్తి పట్టిక గుర్తు చేసుకోండి. ద్వితీయా విభక్తి వరసలో ని, ను, ల తరవాత కూర్చి, గురించి అని ఉంటుంది. అంటే మన వ్యాకరణం "ను"నీ "గురించి"నీ ఒకే గూట్లో పెట్టింది. సమస్యను చర్చించాం అన్నా, సమస్య గురించి చర్చించాం అన్నా తెలుగులో తప్పు పట్టేవాళ్లు లేరు. నోటికి రెండోదే ముందు వస్తుంది. ఇంగ్లీషులో డిస్కస్ ఈ రెండింటిలో మొదటిదాన్నే ఒప్పుకుంటుంది. మనం మాత్రం రెండోదాన్ని పట్టుకెళ్లి అక్కడ పెట్టాం.

మిగతా సగం తప్పు ఇంగ్లీషుదే. డిస్కషన్ అనే నామవాచకం పక్కన అబౌట్ చక్కగా వస్తుంది. వి హ్యాడ్ ఎ డిస్కషన్ అబౌట్ ది బడ్జెట్ అంటే వంక పెట్టడానికేం లేదు. అదే అర్థానికి దగ్గరగా ఉండే టాక్, స్పీక్ క్రియలకూ అబౌట్ ఉంది. చుట్టుపక్కల అందరికీ ఉన్నది డిస్కస్ ఒక్కదానికే ఎందుకు లేదంటే, తర్కంతో చెప్పదగిన కారణమేమీ లేదు, ఆ భాష అలవాటు అంతే. అందుకే ఇది మన ఒక్కరి తప్పు కాదు. నైజీరియా, సింగపూర్ ఇంగ్లీషుల్లోనూ డిస్కస్ అబౌట్ వినిపిస్తుంది. వాళ్ల దగ్గర మన విభక్తి పట్టిక లేదు కదా! ఇది తెలుగు మీడియం వాళ్ల తప్పు అని ఎగతాళి చేసేవాళ్లు ఆ సంగతి కాస్త చూసుకోవాలి.

నామవాచకం పక్కనున్నది క్రియ పక్కకు జరిగిపోవడం ఒక్క డిస్కస్‌తో ఆగదు. రిక్వెస్ట్ ఫర్ లీవ్ అనేది నామవాచకంగా సరైనదే. ఐ రిక్వెస్ట్ ఫర్ లీవ్ అని క్రియ చేస్తే ఫర్ ఎక్కువైపోతుంది. ఎంఫసిస్ ఆన్ క్వాలిటీ బాగుంది, ఎంఫసైజ్ ఆన్ క్వాలిటీ బాగాలేదు. లాక్ ఆఫ్ టైమ్, డిమాండ్ ఫర్ రీఫండ్, ఆర్డర్ ఫర్ లాప్‌టాప్స్ అన్నీ ఇదే దారిలోవే. నామవాచకానికి ఆ చిన్నమాట కావాలి, క్రియకు అక్కర్లేదు.

అనుమానం వస్తే వాక్యాన్ని తిప్పి చూడడం ఒక మంచి పరీక్ష. మీటింగ్ మినిట్స్ రాసేటప్పుడు మనమే "ది ఫాలోయింగ్ పాయింట్స్ వర్ డిస్కస్డ్" అని రాస్తాం. వర్ డిస్కస్డ్ అబౌట్ అని దాదాపు ఎవరూ రాయరు. తిప్పినప్పుడు రాలిపోయిన మాట మొదటినుంచీ అక్కర్లేనిదే. రిప్లైని అలా తిప్పితే ది మెయిల్ వాజ్ రిప్లైడ్ టు అని టు మిగిలే ఉంటుంది, కాబట్టి దానికి టు అవసరం. ఈ పరీక్షకూ హద్దుంది. తిప్పినప్పుడు చెవికి ఏది సరిగ్గా వినిపిస్తుందో తెలియాలి, చెవికే తప్పు అలవాటై ఉంటే పరీక్ష పనిచేయదు. అప్పుడు నిఘంటువే దిక్కు. భాష నేర్చుకునేవాళ్ల కోసం వేసిన ఇంగ్లీషు నిఘంటువుల్లో క్రియ పక్కన ఏం వస్తుందో నమూనాగా ఇస్తారు. అర్థం చూసి మూసేయకుండా ఆ నమూనా కూడా చూడాలి.

అబౌట్ తీసేశాక కూడా డిస్కస్ దగ్గర ఇంకో గుంట ఉంది. "ఐ డిస్కస్డ్ విత్ మై మేనేజర్" అని రాసి ఆపేస్తాం. మేనేజర్‌తో చర్చించాను అంటే తెలుగులో పూర్తి వాక్యమే, దేన్ని చర్చించామో సందర్భం చెబుతుంది. ఇంగ్లీషులో ఆ "దేన్ని" పైకి కనిపించాల్సిందే. ఐ డిస్కస్డ్ ఇట్ విత్ మై మేనేజర్ అనాలి. ఈ లోపాన్ని అబౌట్‌ను వెక్కిరించే వాళ్లు కూడా చేస్తుంటారు.

ఇక రిప్లై ఫర్. ఇక్కడ మనల్ని పక్కదారి పట్టించేది "కి". ఊరికి వెళ్లాను, పిల్లలకి కొన్నాను, పదింటికి రా అన్న మూడు చోట్లా మనకు ఒకే కి సరిపోతుంది. ఇంగ్లీషులో అదే పనికి టు, ఫర్, ఎట్ అని మూడు మాటలు కావాలి. నా మెయిల్‌కి రిప్లై అనుకున్నాక ఆ కి స్థానంలో ఏది పెట్టాలో ఎవరు చెబుతారు? పైగా రోజూ రాసే మెయిళ్లలో రిప్లై పక్కన ఫర్ కనిపిస్తూనే ఉంటుంది, థాంక్స్ ఫర్ యువర్ రిప్లై, వెయిటింగ్ ఫర్ యువర్ రిప్లై అని. ఆ ఫర్ రిప్లైది కాదు. మొదటిదాంట్లో థాంక్స్‌ది, రెండోదాంట్లో వెయిటింగ్‌ది. రిప్లైకి సొంతంగా ఉన్నది టు ఒక్కటే, క్రియగా వాడినా నామవాచకంగా వాడినా. రెస్పాన్స్, రెస్పాండ్‌లకూ అంతే.

ఆన్సర్ మాత్రం కొంచెం తిరకాసు మాట. నామవాచకమైతే ఆన్సర్ టు యువర్ క్వశ్చన్ అంటాం, క్రియ అయితే టు లేకుండా ప్లీజ్ ఆన్సర్ మై మెయిల్ అంటాం. క్రియ పక్కన టు పెట్టి మనిషి పేరు చేరిస్తే అర్థమే మారిపోతుంది. షి ఆన్సర్స్ టు ది డైరెక్టర్ అంటే ఆమె డైరెక్టర్‌కి జవాబుదారీ అని.

మార్క్‌డ్ టు విషయంలో నా అభిప్రాయం వేరు. దాన్ని ప్రిపొజిషన్ తప్పుల జాబితాలో వేయడమే సరికాదు. ఇది మన ప్రభుత్వ కార్యాలయాల ఫైళ్ల భాష. అధికారి తన నోట్ రాసి సంతకం చేసి, ఫైలు తరవాత ఎవరి దగ్గరికి వెళ్లాలో వారి హోదా రాస్తాడు. దాన్నే మార్క్ చేయడం అంటారు. ఫైలు ఫలానా సెక్షన్‌కి మార్క్ అయింది అంటే సెక్రటేరియట్‌లో పనున్న ఎవరికైనా తెలుసు. కాగితం పోయి మెయిల్ వచ్చినా మాట మిగిలింది. Cc గడిలో పేరు పెట్టడాన్నీ మార్క్ చేయడమే అన్నాం. ఆ మాటకొస్తే Cc కూడా కార్బన్ కాపీ కాలపు మాటే.

మన దేశంలో మన వాళ్ల మధ్య ఆ మాట నిక్షేపంగా వాడుకోవచ్చు. విదేశీయుడికి మాత్రం అది తెలియదు. అతని మెయిల్ పెట్టెలో మార్క్ అంటే Mark as unread లాంటిది, సందేశానికి గుర్తు పెట్టడం. ఐ హావ్ మార్క్‌డ్ యూ అని చదివితే తనకేం గుర్తు పెట్టారో అతనికి బోధపడదు. ఇక్కడ టు తీసి ఫర్ పెట్టినా లాభం లేదు, మార్క్‌డ్ ఫర్ యూ అంటే నీకని కేటాయించినది అనే ఇంకో అర్థం వస్తుంది. మార్చాల్సింది క్రియనే. యూ వర్ కాపీడ్ ఆన్ ది మెయిల్ అంటే సరిపోతుంది. అది అతని కోసమే రాసిన మెయిల్ అయితే కాపీడ్ కూడా కుదరదు, అడ్రెస్డ్ టు యూ అనాలి.

చివరి రెండూ కాలానికి సంబంధించినవి. మూడు వారాల నుంచి, సోమవారం నుంచి అని మనకు రెండుచోట్లా నుంచే. ఇంగ్లీషులో మొదలైన రోజు చెబితే సిన్స్ మండే, గడిచిన నిడివి చెబితే ఫర్ త్రీ వీక్స్. దాంతోపాటు క్రియ కూడా హావ్ బీన్ ఫేసింగ్ కావాలి. అయినా సిన్స్ త్రీ వీక్స్ అని రాస్తే చదివినవాడికి అర్థమవుతుంది, నవ్వుకుంటే నవ్వుకుంటాడు.

టిల్ అలా కాదు. ఫలానా సమయానికల్లా ముగించాలంటే ఇంగ్లీషులో బై. అప్పటిదాకా అదే స్థితి సాగాలంటే టిల్. ఇక్కడ తెలుగును తప్పు పట్టలేం, శుక్రవారంలోపు, శుక్రవారం దాకా అని మనకు రెండు మాటలూ విడిగానే ఉన్నాయి. హిందీలో తక్ ఒక్కటే రెండు పనులూ చేస్తుంది. రెండు భాషలూ కలగలిసిన ఆఫీసుల్లో టిల్ కూడా రెండు పనులకూ దిగింది. "ప్లీజ్ క్లోజ్ ఇట్ టిల్ ఫ్రైడే" అంటే ఇంగ్లీషు వాడికి శుక్రవారం దాకా మూసి ఉంచండి అని తోస్తుంది. కీప్ ది టికెట్ ఓపెన్ టిల్ ఫ్రైడే అంటే శుక్రవారం దాకా తెరిచి ఉంచమని. గడువు చెప్పే వాక్యంలో ఈ పొరపాటు జరిగితే వ్యాకరణంతో పోదు, పని ఆలస్యమవుతుంది.

ఇప్పుడు ఆ మెయిల్ ఇలా ఉండాలి. "వి డిస్కస్డ్ ది ఇన్‌వాయిస్ ఇష్యూ ఇన్ ఎస్టర్‌డేస్ కాల్. వి ఆర్ వెయిటింగ్ ఫర్ యువర్ రిప్లై టు అవర్ మెయిల్ ఆఫ్ 4 జూన్, ఆన్ విచ్ యూ వర్ ఆల్సో కాపీడ్. వి హావ్ బీన్ ఫేసింగ్ దిస్ ఇష్యూ ఫర్ త్రీ వీక్స్. ప్లీజ్ క్లోజ్ ఇట్ బై ఫ్రైడే."

అన్నీ ఒక్కసారే దిద్దుకోలేకపోతే వెనక నుంచి మొదలుపెట్టండి. పంపే ముందు తేదీ పక్కనున్న మాట చూడండి, ఆ తరవాత విదేశాలకు వెళ్లే మెయిల్లో మార్క్‌డ్ మిగిలిందేమో చూడండి. డిస్కస్ పక్కన అబౌట్ ఉండిపోయినా ఇన్‌వాయిస్ ఆగదు.