అగ్రిమెంటులో షల్, మే, షుడ్

తగాదా వస్తే మధ్యవర్తికి అప్పగించే విషయంలో ‘మే’ అని రాసుకున్న ఒక ఒప్పందం 2000లో సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. వెల్లింగ్టన్ అసోసియేట్స్, కిరీట్ మెహతాల కేసు అది. మధ్యవర్తిని నియమించమని ఒక పక్షం కోరింది. ‘మే’ అన్నారు కాబట్టి మధ్యవర్తి దగ్గరికి వెళ్లి తీరాలన్న నిర్బంధం లేదని, వెళ్లాలంటే ఇద్దరూ మళ్లీ ఒప్పుకోవాలని కోర్టు తేల్చింది. అక్కడ ‘షల్’ ఉండి ఉంటే వాదన మరోలా నడిచేది.

ఇంటి అద్దె అగ్రిమెంటునే తీసుకుందాం. అద్దెకున్నవారు ప్రతి నెలా 5వ తేదీలోగా అద్దె కట్టాలన్నచోట ‘షల్’ ఉంటుంది. అది బాధ్యత. కట్టకపోతే ఒప్పందం ఉల్లంఘించినట్టే. దీన్ని భవిష్యత్ కాలమనుకుని ‘చెల్లిస్తారు’ అని రాస్తే బరువు పోతుంది. ‘చెల్లించాలి’ అనాలి. ‘చెల్లించబడును’ మరీ ప్రమాదం, ఎవరు చెల్లించాలో అందులో కనబడదు. అలాగని ‘షల్’ కనిపించిన ప్రతిచోటా ‘ఆలి’ తగిలించకూడదు. ఒప్పందం ఫలానా తేదీ నుంచి అమల్లోకి రావడం ఎవరి బాధ్యతా కాదు, అక్కడ ‘అమల్లోకి వస్తుంది’ చాలు.

రెండు నెలలు అద్దె రాకపోతే ఓనర్ ఒప్పందాన్ని రద్దు చేసుకోవడానికి ‘మే’ వాడతారు. అది హక్కు, చేసి తీరాలని లేదు. తెలుగులో ‘రద్దు చేయవచ్చు’ అంటే ‘చేస్తాడేమో’ అనే అర్థం కూడా వస్తుంది. అందుకే ‘రద్దు చేసుకునే హక్కు ఓనర్‌కు ఉంటుంది’ అని విప్పి రాయడం నయం. ‘మే నాట్’ దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. ఇల్లు వేరొకరికి అద్దెకివ్వడం గురించి అలా ఉంటే అది నిషేధం. ‘ఇవ్వకపోవచ్చు’ అని రాస్తే అర్థం తలకిందులవుతుంది. ‘ఇవ్వకూడదు’ అనే రాయాలి.

అసలు చిక్కు ‘షుడ్’తో. మన ‘ఆలి’ ఆజ్ఞకూ సలహాకూ రెండింటికీ చెల్లుతుంది. కుళాయి కారుతుంటే వెంటనే ఓనర్‌కు చెప్పడం గురించి ఇంగ్లిష్‌లో ‘షుడ్’ ఉందనుకోండి. అది సాధారణంగా సూచనే. తెలుగులో ‘తెలియజేయాలి’ అని రాస్తే అద్దె నిబంధనంత గట్టిదైపోతుంది. చెప్పలేదన్న నెపంతో అడ్వాన్సులో కోత పెట్టడానికి ఓనర్‌కు దారి దొరుకుతుంది. ‘తెలియజేయడం మంచిది’ అంటే అసలు బలమే నిలుస్తుంది. ఇద్దరూ నిజంగా బాధ్యతే అనుకుంటే అనువాదంలో దిద్దకుండా, ముందు ఇంగ్లిష్ ప్రతిలోనే ‘షల్’గా మార్పించాలి. నా దృష్టిలో ఒప్పందంలో ‘షుడ్’ లేకపోవడమే మేలు.

‘గలరు’నూ ఓ కంట కనిపెట్టాలి. ప్రామిసరీ నోటులో ‘చెల్లించగలవాడను’ అంటే గట్టి మాట ఇచ్చినట్టు. నోటీసులో ‘గమనించగలరు’ అంటే మర్యాదగా కోరినట్టు. అద్దె అగ్రిమెంటులో ‘చెల్లించగలరు’ అని కనిపిస్తే సంతకానికి ముందే ‘చెల్లించాలి’గా మార్పించుకోండి.