పాత పెర్ల్ స్క్రిప్టు: అతుకు వేయాలా, తిరగరాయాలా?

లారీ వాల్ 1987లో పెర్ల్‌ను విడుదల చేసినప్పటి నుంచీ అది రిపోర్టులు తీసే పనికి పేరు పడింది. రాసినవాళ్లు వెళ్లిపోయినా, వివరించే కాగితం ఒక్కటీ లేకపోయినా, ఆనాటి స్క్రిప్టులు ఎన్నో ఆఫీసుల్లో నెలనెలా రిపోర్టు ఇస్తూనే ఉన్నాయి.

ఒక మందుల హోల్‌సేల్ సంస్థ ఉందనుకుందాం. కొత్త సర్వర్‌తో పాటు పెర్ల్ 5.10 పోయి 5.26 వచ్చింది. బ్రాంచీల అమ్మకాల మొత్తాలు సరిగ్గానే ఉన్నాయి గానీ, నడిపిన ప్రతిసారీ వాటి వరస మారుతోంది. అకౌంట్స్ వాళ్లేమో అంకెల కాలమ్ ఒక్కటే కాపీ చేసి, ఎక్సెల్‌లో ముందే ఉన్న ఊర్ల పేర్ల పక్కన పెడతారు. ఇంకేముంది, కడప అమ్మకాలు కర్నూలు పక్కన చేరాయి. ఎర్రర్ మాత్రం ఎక్కడా రాలేదు.

మొత్తాలను దాచిన హాష్‌లో వరసకు హామీ ఏనాడూ లేదు. పాత వెర్షన్లలో అదే డేటాకు మామూలుగా అదే వరస వచ్చేది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. 2013 నాటి 5.18 నుంచి భద్రత కోసం ఆ వరసను కావాలనే కలిపేస్తున్నారు. చూడటానికి మందు ఒక్క మాటే:

```perl
for my $br (sort keys %total) {
```

కానీ దీంతో వచ్చేది కోడ్ల వరస, ఎక్సెల్‌లో ఉన్నది పాత రిపోర్టు వరస. కాబట్టి పాత రిపోర్టు చూసి బ్రాంచీల జాబితాను స్క్రిప్టులోనే రాయాలి. జాబితాలో లేని కొత్త బ్రాంచి వస్తే `die`తో ఆగిపోయేలా చేయాలి. లేకపోతే దాని అమ్మకాలు చడీచప్పుడు లేకుండా రిపోర్టులోంచి జారిపోతాయి.

ఈలోగా కుర్ర ప్రోగ్రామర్ ఒకరు "రెండ్రోజులివ్వండి సార్, పైథాన్‌లో రాసేస్తాను" అంటారు. రాయగలరు కూడా. చిక్కల్లా `next if $br eq '07';` లాంటి లైన్లతోనే. ఎందుకుందో ఎవరికీ తెలియదు. ఆ లైను తీసేసి పాత నెల ఫైలుతో నడిపితే మొత్తం పెరిగింది. ఆరా తీస్తే 07 అనేది గోడౌన్. అక్కణ్ణుంచి బ్రాంచీలకు పంపిన సరుకు అమ్మకం కాదు. ఇలాంటి లైన్లన్నిటికీ జవాబు దొరికేదాకా తిరగరాయకపోవడమే నయమని నా అభిప్రాయం.

నియమాలే మారితే సంగతి వేరు. 2017 జూలై 1న వ్యాట్ పోయి జీఎస్టీ వచ్చినప్పుడు ఇలాంటి స్క్రిప్టుల్లో పన్ను లెక్కంతా పనికిరాకుండా పోయింది. అప్పుడు అతుకులు వేయడం దండగ. అయినా పన్నుకు ముందటి మొత్తాలు మారకూడదు గనక, పాత ఫైళ్లను రెండు ప్రోగ్రాములతోనూ నడిపి ఫలితాలను `diff`తో పోల్చాలి. ఏదో ఒక బ్రాంచిలో కొద్ది పైసల తేడా కనిపిస్తుంది. పాతది ప్రతి బిల్లునూ సవరిస్తుంటే, కొత్తది చివరి మొత్తాన్ని సవరిస్తోందన్నమాట. ఏది ఉంచాలో తేల్చాల్సింది అకౌంట్స్ వాళ్లు. వాళ్ల జవాబును తేదీతో సహా ఆ లైను పక్కనే కామెంట్‌గా రాసిపెట్టాలి.