‘నాకు వంట...’ అని ఆగిపోయిన పెళ్లికొడుకు

విజయవాడలో ఆదివారం ఉదయం 7:30. డాలస్‌లో వేసవి కాబట్టి ఇంకా శనివారం రాత్రి 9. పెద్దవాళ్లు ఒక మాట అనుకున్నాక అమ్మాయి, అబ్బాయి మొదటిసారి వీడియో కాల్‌లో విడిగా మాట్లాడుకుంటున్నారనుకుందాం. ‘‘నాకు వంట...’’ అంటూనే అబ్బాయి తెరమీద సగం కళ్లు మూసుకుని బిగుసుకుపోయాడు. మళ్లీ లైన్ కలిసేసరికి ఇద్దరూ ఒకేసారి మాట్లాడబోయారు. ‘‘మీరు చెప్పండి’’, ‘‘లేదు, మీరే చెప్పండి’’. ఆ తర్వాత నిశ్శబ్దం.

ఈ ఇబ్బందికి కారణం చాలావరకు మనుషులు కాదు, ఆలస్యం. 2009లో పది భాషల సంభాషణలను పరిశీలించిన పరిశోధకులు, ఒకరి మాట ముగిసి మరొకరి జవాబు మొదలయ్యే వ్యవధి సగటున సెకనులో ఐదో వంతేనని గమనించారు. కాల్‌లో మాట చేరడానికే అంతకన్నా ఎక్కువ పడితే ఆ తూకం చెడుతుంది. ఆ తప్పును మనం లైన్ మీద వేయం, మనిషి మీద వేస్తాం. ఫోన్ సంభాషణల్లో కావాలని ఆలస్యం కలిపి జర్మనీలో చేసిన ప్రయోగం ఫలితాలు 2014లో వెలువడ్డాయి. అవతలివారు మనసుపెట్టి వినడం లేదని అందులో పాల్గొన్నవాళ్లకు అనిపించింది.

అందుకే కాల్ అయ్యాక పంపే సందేశం నిందను తిరిగి నెట్‌వర్క్‌కే అప్పగించాలి, తెగిన మాటను అందుకోవాలి. అదీ కాసేపట్లోనే. మూడు రోజుల తర్వాత ఆ చమత్కారం ఎవరికీ గుర్తుండదు.

‘‘ ‘నాకు వంట...’ దగ్గర ఆగిపోయారు. వచ్చు అనబోయారా, రాదు అనబోయారా? ఇంట్లో ఏం చెప్పమంటారు?’’ అని అమ్మాయి పంపింది.

‘‘అక్కడే ఆగమని నెట్‌వర్క్‌ని నేనే బతిమాలుకున్నానండీ.’’

‘‘అయితే వచ్చే ఆదివారం మీ నెట్‌వర్క్‌తోనే మాట్లాడతాను. అదే నయంగా ఉంది.’’

ఇందులో పొగడ్త లేదు, సినిమా డైలాగూ లేదు. ఇద్దరికే తెలిసిన చిన్న సంఘటన ఉంది, జవాబివ్వడానికి సందుంది, మళ్లీ మాట్లాడాలన్న కోరిక మాటల చాటున ఉంది. అదే అమ్మాయి అతని సగం కళ్ల బొమ్మను స్క్రీన్‌షాట్ తీసి పంపి ఉంటే? బాగా చనువున్నవాళ్లకు అది సరదా. మొదటి పరిచయంలో మాత్రం గుచ్చుకోవచ్చు. కజిన్ల గ్రూపులో పడిందా, ఇక అది వెక్కిరింతే.

నిశ్శబ్దాలన్నీ నెట్‌వర్క్‌వి కావు. మాటలు ఒకదానిమీద ఒకటి పడుతుంటే ఆలస్యమని అనుకోవచ్చు. గొంతు స్పష్టంగా వినిపిస్తూ, ‘‘ఇంతకుముందు సంబంధం ఎందుకు తప్పిపోయింది?’’ లాంటి ప్రశ్న తర్వాతే మౌనం వస్తే దాన్ని హాస్యం చేయకూడదు. ‘‘ఇందాక అడిగినదానికి ఇబ్బంది పడ్డారేమో, చెప్పాలని లేకపోతే వదిలేయండి’’ అంటే చాలు. సరదా సందేశానికి రెండుసార్లు వరసగా ‘‘ఊఁ’’, ‘‘సరే’’ అనే వస్తే మూడోది పంపకుండా, తర్వాతి కాల్ సంగతి వాళ్లనే ఎత్తనివ్వాలి.