కుండకు రంగు వేసి చూడమ్మా

"నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. సైన్స్ ఫెయిర్ కోసం కుండ నీళ్ల మీద ప్రాజెక్టు చేస్తున్నాను. ఫారంలో లక్ష్యం, హైపోథిసిస్, పద్ధతి, ఫలితం అని గళ్లు ఇచ్చారు. హైపోథిసిస్ దగ్గర 'కుండలో నీళ్లు చల్లగా ఉంటాయి' అని రాశాను. మా అక్క అది కాదంది. గైడులో 'తెలివైన ఊహ' అని ఉంది. ఊహ రాస్తే ఒప్పుకుంటారా సార్? తీరా అది తప్పని తేలితే ప్రాజెక్టు మొత్తం పోయినట్టేనా? హైపోథిసిస్ అంటే అసలేమిటో చెప్పండి సార్."

ఇలాంటి ఉత్తరం అందుకోని సైన్స్ టీచరు ఉండరు. మన పాఠ్యపుస్తకాల్లో పరికల్పన అని ఉండేది దీన్నే. పిల్లల ప్రాజెక్టుల్లో అన్నిటికంటే తొందరగా నింపేసే గడి కూడా ఇదే. అందుకే ఈ అమ్మాయి ప్రాజెక్టునే తీసుకుని కాస్త వివరంగా చెబుతాను. ఇంట్లో పక్కన కూర్చుని చార్టులు రాయించే అమ్మానాన్నలకూ పనికొస్తుంది.

అక్క చెప్పింది నిజమే. కుండలో నీళ్లు చల్లగా ఉంటాయన్నది ఎండాకాలంలో ప్రతి ఇంటికీ తెలిసిన సంగతి. అది మనం చూసిన విషయం, అంటే పరిశీలన. 'ఎందుకు చల్లబడతాయి?' అని అడిగితే అది ప్రశ్న. ఆ ప్రశ్నకు మనం ముందుగా అనుకునే జవాబు హైపోథిసిస్. అయితే అనుకున్న ప్రతి జవాబూ హైపోథిసిస్ కాదు. అది నిజమైతే ఏం కనిపించాలో, ఏం కనిపిస్తే అది తప్పో, రెండూ ముందే చెప్పగలిగేలా ఉండాలి. గైడులో రాసిన 'తెలివైన ఊహ'లో ఈ రెండో సగమే లేదు.

కుండ విషయంలో మన ఇళ్లల్లో రెండు జవాబులు వినిపిస్తాయి. మట్టికి సహజంగానే చలువ గుణం ఉందని పెద్దవాళ్లు అంటారు. కుండ గోడలోని సన్నని రంధ్రాల్లోంచి నీరు పైకి ఊరి ఆవిరవుతుందని, ఆవిరవుతూ లోపలి నీటి వేడిని పట్టుకుపోతుందని బడిలో చెబుతారు. పుస్తకంలో ఉంది కాబట్టి రెండోదే ఒప్పు అని రాసేస్తే ప్రయోగం చేయనక్కర్లేదు. రెండింటినీ హైపోథిసిస్‌లుగానే తీసుకుందాం. చలువ మట్టిదే అయితే కుండకు బయట రంగు పూసినా నీళ్లు చల్లబడాలి, మట్టి ఎక్కడికీ పోలేదు కదా. ఆవిరి వల్ల అయితే రంగు రంధ్రాలను మూసేస్తుంది కాబట్టి ఆ కుండలో నీళ్లు చల్లబడకూడదు. ఒకే కుండ గురించి రెండు జవాబులు రెండు వేర్వేరు సంగతులు చెబుతున్నాయి. ప్రయోగం పుట్టేది సరిగ్గా ఇక్కడే.

ఒకే కుమ్మరి దగ్గర, ఒకే సైజులో రెండు కొత్త కుండలు కొనాలి. ఒకదానికి బయటంతా, అడుగుతో సహా, తెల్ల ఎనామిల్ పెయింటు రెండు పూతలు వేసి బాగా ఆరనివ్వాలి. అడుగు వదిలేస్తే అక్కడి నుంచి నీరు ఊరుతుంది, ఫలితం మసకబారుతుంది. ముదురు రంగు వేస్తే వేడిని ఎక్కువగా పీల్చుకుందేమో అనే అనుమానం వస్తుంది. రంగు లేని కుండను ముందురోజే నీళ్లతో నింపి నాననివ్వాలి. వీటితో పాటు ఒక స్టీలు బిందె కూడా కావాలి. మేడ మీది ట్యాంకులోంచి పట్టిన నీళ్లు వేసవిలో కాగి ఉంటాయి. వాటిని నీడలో ఎందులో పోసి ఉంచినా గది వేడిమి దాకా చల్లారతాయి. బిందె పక్కన లేకపోతే ఆ చల్లారడాన్ని కూడా కుండ ఖాతాలో వేసేస్తాం.

మూడింటిలో ఒకే బకెట్లోని నీళ్లు నాలుగేసి లీటర్లు పోసి, మూతలు పెట్టి, గాలి ఆడే నీడలో పక్కపక్కన ఉంచాలి. గంటకోసారి నీళ్లు కలిపి థర్మామీటరుతో చూడాలి. పక్కనే గది వేడిమి కూడా రాసుకోవాలి. మొదట్లోనూ చివర్లోనూ మూడింటినీ తూకం వేయాలి. పిల్లలు మరిచిపోయేది ఈ తూకమే, గట్టి సాక్ష్యం ఇచ్చేది కూడా అదే. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి దాదాపు 580 కాలరీల వేడి కావాలి. నాలుగు లీటర్ల నీళ్లు ఒక డిగ్రీ చల్లబడాలంటే 4,000 కాలరీలు పోవాలి. కుండ సంగతి పక్కన పెడితే, సుమారు 7 గ్రాములు ఆవిరైతే ఒక డిగ్రీ తగ్గాలన్నమాట. మామూలు కుండ 100 గ్రాములు తగ్గిందనుకుందాం. లెక్క ప్రకారం 14 డిగ్రీలు పడాలి. అంత పడదు, ఎందుకంటే చల్లబడుతున్న కుండలోకి చుట్టూ ఉన్న గాలి నుంచి వేడి తిరిగి వచ్చేస్తూ ఉంటుంది. తగ్గుదల లెక్కకంటే తక్కువగా ఉంటే కంగారు పడక్కర్లేదు. బరువు దాదాపు తగ్గకుండానే నీళ్లు గది వేడిమికంటే బాగా చల్లబడితే మాత్రం మన జవాబు చిక్కుల్లో పడినట్టే.

వానాకాలంలో, లేదా సముద్రం దగ్గరి ఊళ్లో ఉక్కపోత రోజున ఈ ప్రయోగం చేస్తే మామూలు కుండ కూడా పెద్దగా చల్లబడకపోవచ్చు. అప్పుడు హైపోథిసిస్ తప్పినట్టా? తొందరపడకూడదు. థర్మామీటరు కొనకు తడి గుడ్డ చుట్టి ఫ్యాను గాలికి పెడితే ఆ రోజు గాలిలో నీరు ఎంతవరకు చల్లబడగలదో తెలుస్తుంది. కుండ అంతకంటే కిందికి దిగదు. ఆ అంకె గది వేడిమికి దగ్గరగా ఉంటే ఆ రోజు పరీక్షకు పనికిరాదు, అంతే. అయితే ఈ కొలత ప్రయోగానికి ముందే తీసుకోవాలి. ఫలితం చూసి, నచ్చకపోతే వాతావరణం మీద నెపం వేయడం మాత్రం చెల్లదు.

ఇక ఆ అమ్మాయి భయం. హైపోథిసిస్ తప్పని తేలితే ప్రాజెక్టు పోదు. చలువ మట్టిదే అని రాసుకున్న పిల్లవాడికి రంగు వేసిన కుండలో నీళ్లు చల్లబడలేదని తేలితే, వాడు ఒక జవాబును పక్కకు తప్పించాడు. ఫలితం గడిలో ఆ మాటే రాయాలి. నిజంగా ప్రాజెక్టు పోయేది, అంకెలు వచ్చాక వెనక్కి వెళ్లి హైపోథిసిస్‌ను దిద్దినప్పుడు. అందుకే దాన్ని ప్రయోగానికి ముందే నోటుపుస్తకంలో పెన్నుతో, తేదీ వేసి రాయమంటాను. అనుకున్నట్టే జరిగినా 'రుజువైంది' అని రాయవద్దు. 'ఈ పరీక్షకు నిలిచింది' అంటే సరిపోతుంది. రంగు వేసిన కుండ అసలు వేరే కుండ కదా, దాని గోడ మందంగా ఉందేమో అని ఎవరైనా అడగవచ్చు.

ఆ ప్రశ్నకు కూడా జవాబు చూపించవచ్చు. రంగు లేని కుండనే తీసుకుని బాగా చల్లబడనిచ్చి, దాని చుట్టూ పెద్ద పాలిథిన్ కవరు బిగించి కట్టాలి. ఊరిన నీరు ఆవిరిగా బయటికి పోలేక కవరు లోపలే నిలుస్తుంది. ఆవిరి మాటే నిజమైతే నీళ్లు నెమ్మదిగా గది వేడిమివైపు ఎక్కాలి, కవరు విప్పాక మళ్లీ దిగాలి. కుండ అదే, మట్టి అదే, మారింది ఆవిరి దారి ఒక్కటే.

ఆ గడిలో ఇలా రాయమని జవాబు పంపాను: "కుండ గోడలోంచి ఊరిన నీరు ఆవిరవడం వల్ల లోపలి నీళ్లు చల్లబడతాయి. ఇది నిజమైతే, బయట పెయింటు వేసిన కుండలో నీళ్లు స్టీలు బిందెలోని నీళ్లలాగే గది వేడిమి దగ్గరే ఆగిపోవాలి, దాని బరువు దాదాపు తగ్గకూడదు. పెయింటు వేసిన కుండ కూడా మామూలు కుండ అంత చల్లబడితే ఈ జవాబు తప్పు." గడి చిన్నదైతే ఇంకో కాగితం జతచేయమ్మా, ఒక్క వాక్యం కూడా కుదించకు.