ఇన్వర్టర్ ఎన్ని గంటలు పనిచేస్తుంది?

12 వోల్టుల, 150 ఆంపియర్-అవర్ ట్యూబులర్ బ్యాటరీ ఉన్న ఒక ఇంటిని తీసుకుందాం. కరెంటు పోయినప్పుడు అక్కడ 75 వాట్ల ఫ్యాన్లు రెండు, 9 వాట్ల ఎల్ఈడీ దీపాలు నాలుగు, 14 వాట్ల వైఫై రూటరు నడుస్తాయి. మొత్తం లోడు 200 వాట్లు.

12 ను 150 తో గుణిస్తే 1800 వాట్-అవర్లు. దాన్ని 200 తో భాగిస్తే 9 గంటలు. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. 5 గంటలకే ఇన్వర్టర్ కూత పెడితే బ్యాటరీ పాడైందనుకుంటారు. లోపం బ్యాటరీలో కాదు, లెక్కలో ఉంది.

మొదటిది, ఇన్వర్టర్‌లో కొంత శక్తి వేడిగా పోతుంది. దాని సామర్థ్యం 80 శాతం అనుకుంటే, 200 వాట్లు ఇవ్వడానికి బ్యాటరీ నుంచి 250 వాట్లు, అంటే సుమారు 21 ఆంపియర్లు తీసుకుంటుంది. రెండవది, బ్యాటరీపై రాసిన 150 అనే అంకె సాధారణంగా 20 గంటల డిశ్చార్జికి, అంటే 7.5 ఆంపియర్లకు వర్తిస్తుంది. 21 ఆంపియర్ల చొప్పున వాడితే దాదాపు 120 ఆంపియర్-అవర్లే దక్కుతాయి. మూడవది, బ్యాటరీ మన్నిక కోసం అందులో ఐదో వంతు మిగల్చాలి. ఇక వాడదగినది 96. దాన్ని 21 తో భాగిస్తే సుమారు నాలుగున్నర గంటలు.

ఇంట్లో ఒకసారి ఈ లోడుతో సమయం చూసి రాసిపెట్టుకోండి. కొన్ని నెలల తర్వాత అదే లోడుకు మూడు గంటలే వస్తే, ముందుగా నీటి మట్టం చూడండి.

ఛార్జింగ్ చివరి దశలో నీరు విడిపోయి హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులుగా బయటికి పోతుంది. ఆమ్లం లోపలే ఉంటుంది. అందుకే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి, ఆమ్లం పోయకూడదు. కుళాయి నీటిలోని లవణాలు ప్లేట్లను పాడుచేస్తాయి. మట్టం తగ్గి ప్లేట్ల పైభాగం గాలికి తేలితే ఆ భాగం గట్టిపడి పనికిరాకుండా పోతుంది. తర్వాత నీరు పోసినా అది పూర్తిగా కోలుకోదు.

ఆరు సెల్లుల ఫ్లోటు సూచికలను నెలకొకసారి చూడండి. సూచిక ఎర్ర గుర్తుకు దిగితే, పూర్తి ఛార్జి అయ్యాక, ఇన్వర్టర్ ఆపి, పచ్చ గుర్తు వరకు పోయండి. ఛార్జింగ్‌లో ద్రవమట్టం పెరుగుతుంది కనుక ముందే నింపితే ఆమ్లం పొంగి పొర్లుతుంది. ప్లేట్లు బయటపడి ఉంటే మాత్రం, అవి మునిగేంత పోసి, ఛార్జి చేసి, మిగతాది తర్వాత పోయాలి. దగ్గర్లో నిప్పు ఉండకూడదు.

అన్ని సెల్లులూ త్వరగా ఎండిపోతుంటే ఛార్జింగ్ ఎక్కువవుతోందని అర్థం. ఒక్క సెల్లే ఎక్కువ నీరు తాగుతుంటే ఆ సెల్లులోనే లోపం ఉండవచ్చు; మెకానిక్‌తో పరీక్ష చేయించండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: ఇదే బ్యాటరీపై 300 వాట్ల లోడు వేస్తే ఎంతసేపు వస్తుంది?

జవాబు: భాగహారం ప్రకారం 3 గంటలు. ఆంపియర్లు 31 కి పెరిగి, దక్కే సామర్థ్యం ఇంకా తగ్గుతుంది కనుక నిజానికి అంతకంటే కొంచెం తక్కువే.