పని లేకున్నా రిటర్న్ తప్పదు!

బాచుపల్లి చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల్లో ఫైనలియర్‌కి వచ్చేసరికే వెబ్‌సైట్లు, యాప్‌లు చేసిపెట్టి నాలుగు డబ్బులు సంపాదించేవాళ్లు కనిపిస్తారు. సేవలు అందించేవారికి ఏడాది టర్నోవర్ రూ.20 లక్షలు దాటేవరకు సాధారణంగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ క్లయింట్ ‘జీఎస్టీ బిల్లు కావాలి’ అనడంతో మీరు తీసుకున్నారనుకోండి. ప్రాజెక్టు అయిపోతుంది, ఈలోగా ఉద్యోగం వస్తుంది, ఆ నంబరు సంగతే మర్చిపోతారు. జీతంపై జీఎస్టీ ఎలాగూ ఉండదు కదా! నిజమే. కానీ నంబరు రద్దు కానంత వరకు రిటర్న్ వేయాల్సిందే.

రెండూ ఒకటి కాదు

ఆలస్య రుసుము, వడ్డీ ఒకటే అనుకుంటారు చాలామంది. రిటర్న్ ఆలస్యమైతే పడేది రుసుము. పన్ను కట్టడం ఆలస్యమైతే పడేది వడ్డీ. పన్నే లేకపోతే వడ్డీ ఉండదు, రుసుము మాత్రం ఉంటుంది.

ఓ ఉదాహరణ చూద్దాం. ఏప్రిల్‌లో మీరు లక్ష రూపాయల పనికి బిల్లు ఇచ్చారు. 18 శాతం చొప్పున పన్ను రూ.18,000. నెలవారీ పద్ధతిలో GSTR-3B గడువు మే 20. మీరు జూన్ 19న, అంటే 30 రోజులు ఆలస్యంగా పన్ను కట్టి రిటర్న్ వేశారు. పన్ను ఉన్న రిటర్న్‌కి రోజుకు రూ.50 చొప్పున రుసుము రూ.1,500. ఏడాదికి 18 శాతం వడ్డీ లెక్క ఇలా:

```
18000 × 18/100 × 30/365 = 266.30
```

టర్నోవర్ రూ.కోటిన్నర వరకు ఉన్నవారికి ఈ రుసుము ఒక్కో రిటర్న్‌కి రూ.2,000 దాటదు. వడ్డీకి అలాంటి పరిమితి లేదు, పన్ను కట్టేవరకు పెరుగుతూనే ఉంటుంది.

సున్నా ఖరీదు

మే నుంచి అక్టోబరు వరకు పనేమీ లేదు. ‘సున్నాకి రిటర్న్ ఏంటి’ అని ఆరు నెలలూ వదిలేశారు. నిల్ రిటర్న్‌కి రుసుము రోజుకు రూ.20, గరిష్ఠంగా రూ.500. అంటే 25 రోజులకే పరిమితికి చేరుతుంది. డిసెంబరు 25న కూర్చుని ఆరూ వేస్తే రూ.3,000. ఒక నెల ఆలస్య రుసుము తర్వాతి నెల రిటర్న్‌లో కలిసి వస్తుంది కాబట్టి మొదటిది వేసిన రోజు ఏమీ పడలేదని సంబరపడొద్దు. పైగా దీన్ని నగదుగానే కట్టాలి, ఇన్‌పుట్ క్రెడిట్‌తో సర్దడం కుదరదు.

అసలు దెబ్బ ఇది కాదు. పాత నెల రిటర్న్ వేయకుండా కొత్త నెలది వేయలేరు. నవంబరులో కొత్త క్లయింట్ దొరికి బిల్లు ఇచ్చారనుకోండి. అక్టోబరు GSTR-3B వేయనిదే నవంబరు GSTR-1 వేయనివ్వదు. GSTR-1 వేయకపోతే మీ బిల్లు క్లయింట్ GSTR-2B లో కనిపించదు. కనిపించకపోతే ఆయన క్రెడిట్ తీసుకోలేడు. అప్పుడు ‘ఆ 18 శాతం తర్వాత ఇస్తాం’ అంటాడు. వరసగా ఆరు నెలల రిటర్న్‌లు లేకపోతే అధికారి రిజిస్ట్రేషన్ రద్దు చేయడానికి నోటీసు కూడా ఇవ్వొచ్చు. గడువు దాటి మూడేళ్లయితే ఆ రిటర్న్ వేసే దారే మూసుకుపోతుంది.

ఒక్క ఎస్ఎంఎస్ చాలు

నెలలో అమ్మకం, రివర్స్ చార్జ్ కొనుగోలు, తీసుకోవాల్సిన క్రెడిట్, పాత రుసుము బాకీ ఏవీ లేకపోతే పోర్టల్ తెరవక్కర్లేదు. రిజిస్టరైన మొబైల్ నుంచి 14409కి ఇలా పంపండి. మే 2025 రిటర్న్ అయితే:

```
NIL 3B 36XXXXXXXXXXXXX 052025
```

X ల చోట మీ జీఎస్టీ నంబరులో మిగతా అంకెలు, అక్షరాలు ఉండాలి. మొదటి 36 తెలంగాణ కోడ్. వెంటనే ఆరంకెల కోడ్ వస్తుంది. అది 30 నిమిషాలే పనిచేస్తుంది. `CNF 3B` అని రాసి, పక్కన ఆ కోడ్ పెట్టి తిరిగి పంపితే పని పూర్తి. నిల్ GSTR-1కి `3B` బదులు `R1` అని రాయాలి.

ప్రతి నెలా గుర్తుండదనుకుంటే, టర్నోవర్ రూ.5 కోట్ల వరకు ఉన్నవారికి మూడు నెలలకోసారి వేసే పద్ధతి ఉంది. తెలంగాణలో అప్పుడు GSTR-3B గడువు త్రైమాసికం తర్వాతి నెల 22. కానీ పన్ను ఉన్నప్పుడు మొదటి రెండు నెలలకూ తర్వాతి నెల 25లోగా డబ్బు కట్టాలి.

ఇక ఫ్రీలాన్సింగ్ వదిలేసి ఉద్యోగంలో చేరుతుంటే, ఆఫర్ లెటర్ అందిన వారంలోనే పోర్టల్‌లో REG-16 నింపి రద్దుకు దరఖాస్తు పెట్టండి. రద్దయ్యాక మూడు నెలల్లోగా ఆఖరి రిటర్న్ GSTR-10 వేయాలి. అది కూడా వేస్తేనే ఖాతా నిజంగా ముగిసినట్టు.