మార్కులకు బహుమతిగా ఒక పూట

కిందటేడు అర్ధసంవత్సరం పరీక్షలప్పుడు, ఆరో తరగతి చదివే మా అమ్మాయి అడిగింది: "నాన్నా, లెక్కల్లో 90 వస్తే ఎంతిస్తావు?" అంతకుముందు రెండుసార్లు మార్కులు చూసి అయిదు వందల నోటు చేతిలో పెట్టింది నేనే. చదువును బేరానికి పెట్టింది నేను, పిల్ల కాదు.

1973లో అమెరికాలో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు బొమ్మలు వేయడమంటే ఇష్టపడే నర్సరీ పిల్లలపై ఒక ప్రయోగం చేశారు. కొందరికి 'బొమ్మ వేస్తే బహుమతి పత్రం ఇస్తాం' అని ముందే చెప్పారు. కొందరికి చెప్పకుండా, వేశాక ఇచ్చారు. మిగతావాళ్లకు ఏమీ ఇవ్వలేదు. కొన్నాళ్ల తర్వాత రంగు పెన్నులు మళ్లీ ముందు పెడితే, ఆశ చూపించిన పిల్లలు మిగతావాళ్లలో సగం సేపే బొమ్మలు వేశారు. అనుకోకుండా బహుమతి అందుకున్నవాళ్ల ఇష్టం మాత్రం తగ్గలేదు. అంటే ఇష్టాన్ని చంపింది బహుమతి కాదు, ముందు పెట్టిన షరతు.

అందుకే ఆ పరీక్షలకు ముందు ఏ మాటా ఇవ్వలేదు. మార్కులొచ్చాక, "ఆదివారం ఎక్కడికెళ్దాం? నువ్వే చెప్పు" అన్నాను. కొండపల్లి అంది. విజయవాడ నుంచి సుమారు 20 కిలోమీటర్లు, బస్సులో వెళ్లాం. ఒక బొమ్మల ఇంట్లో పెద్దాయన తెల్ల పొణికి కర్రను చెక్కుతున్నారు. ఏనుగు ఒంటికి తొండాన్ని ఆయన అతికిస్తుంటే, "అది ఫెవికాలా తాతా?" అని అడిగింది. "కాదమ్మా, మక్కు. చింతగింజల పిండి, రంపపు పొట్టు" అంటూ కాస్త దాని వేలికి అంటించారు. ఇంటికొచ్చేదాకా ఆ వేలు కడుక్కోలేదు. అంతకుముందు ఇచ్చిన నోట్లు ఎటు పోయాయో దానికి గుర్తులేదు. మక్కు ఎలా చేస్తారో మాత్రం ఇప్పటికీ చెబుతుంది.

అయితే ఇదీ చెడిపోవచ్చు. '90 వస్తేనే కొండపల్లి' అంటే మళ్లీ బేరమే. తండ్రి ఫోన్ చూసుకుంటూ కూర్చుంటే అది కలిసి గడిపిన పూట కాదు. దారిలో 'ఈసారి 95 రావాలి' అన్నామా, ఆ పూట కాస్తా పాఠమైపోతుంది. పరీక్షకు ముందే పిల్ల 'ఎంతిస్తావు' అంటున్నా, తక్కువొచ్చిన పేపరు దాస్తున్నా మనం దారి తప్పినట్టే.

ఆ తర్వాతి పరీక్షల్లో మా అమ్మాయికి లెక్కల్లో 68 వచ్చాయి. ఆ ఆదివారమూ కృష్ణ ఒడ్డుకు వెళ్లాం. ఎక్కడ తప్పు చేసిందో ఇసుక మీద గీసి తనే చూపించింది. మార్కులు తగ్గిన వారం కూడా పిల్లలతో ఒక పూట గడపండి. మనం వాళ్లవైపు ఉన్నామని వాళ్లకు తెలిసేది అప్పుడే.